సగం అడ్వాన్స్ అడిగే సప్లయర్‌తో విడతల చెల్లింపు గురించి ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: మా యూనిట్‌కి ఒక ప్యాకింగ్ మెషిన్ ప్రత్యేకంగా చేయించుకుంటున్నాం. తయారీకి 14 వారాలు పడుతుందట. సప్లయర్ ఆర్డర్‌తో 50 శాతం, డిస్పాచ్‌కి ముందు మిగతా 50 శాతం కట్టమంటున్నారు. మనిషి మంచివారే, పని బాగా చేస్తారని విన్నాను. కానీ ఆయనతో మాకిదే మొదటి ఆర్డర్. అంత డబ్బు ఒకేసారి ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది. విడతలుగా ఇస్తానంటే నమ్మకం లేదనుకుంటారేమో. ఎలా అడగాలి, కారణం ఏం చెప్పాలి?

సమాధానం:

నేను కొన్నేళ్లు మెషిన్లు తయారుచేసే వర్క్‌షాపులో ఆర్డర్లు చూసుకున్నాను, ఆ తర్వాత ఇంకా ఎక్కువ కాలం కొనుగోలు వైపు పనిచేశాను. ఈ 50-50 లెక్కను రెండు వైపుల నుంచీ చూసినవాడిగా చెబుతున్నాను: అది మీకే కాదు, ఆయనకూ అంత మంచి లెక్క కాదు. మీరు పట్టుకోవలసిన కొస అదే. అది దొరికితే 'నమ్మకం' అనే మాట ఎత్తే అవసరమే రాదు.

మెషిన్ ధరను 100 భాగాలు అనుకుందాం. ఇలాంటి పనిలో తయారీదారు ఖర్చు ఇంచుమించు ఎలా నడుస్తుందో ఒక ఊహాలెక్క వేస్తాను. మీ మెషిన్‌కి అంకెలు మారతాయి, వరస మాత్రం పెద్దగా మారదు. మొదటి మూడు వారాలు డిజైన్, డ్రాయింగులు, మీ అప్రూవల్. ఇందులో ఆయన జేబులోంచి పోయేది 6 భాగాలు. నాలుగో వారంలో ఒక్కసారిగా బరువు పడుతుంది. స్టీలుకు 14, బయటి నుంచి కొనే మోటార్లు, గేర్‌బాక్సులు, సెన్సర్లు, కంట్రోల్ ప్యానెల్‌కు మొత్తం 36 అవుతుందనుకుంటే అందులో సగం 18 ఆర్డర్‌తోనే కట్టాలి. అంటే నాలుగో వారం చివరికి ఆయన ఖర్చు 38. తొమ్మిదో వారానికి ఆ భాగాల మిగతా సగం, ఫ్రేమ్ చేసిన కూలి కలిసి 68. పదమూడో వారంలో అసెంబ్లీ, ట్రయల్ అయ్యేసరికి 78. మిగిలిన 22లో ఆయన ఆఫీసు ఖర్చులు, మీ దగ్గరికొచ్చి మెషిన్ బిగించి నడిపించే పని, లాభం అన్నీ ఉంటాయి.

ఇప్పుడు 50-50ని దీని మీద పెట్టి చూడండి. మూడో వారం చివర మీ డబ్బు 50 ఆయన దగ్గర ఉంది, ఖర్చయింది 6. ఊరికే కూర్చున్న 44 భాగాలు ఎక్కడికి పోతాయి? మోసం చేస్తారని నేననడం లేదు. ఆయన షెడ్డులో మీకంటే ముందున్న కస్టమర్ మెషిన్ ఒకటి సగంలో ఉంటుంది, దానికి మోటార్లు రావాలి, మీ డబ్బు చేతిలో ఉంది, కాబట్టి అటు పోతుంది. వర్కింగ్ క్యాపిటల్ తక్కువగా ఉన్న చాలా వర్క్‌షాపులు నడిచే తీరు ఇదే. మీ వంతు వచ్చేసరికి మరో కొత్త కస్టమర్ అడ్వాన్స్ రావాలి. అది ఆలస్యమైతే మీ మెషిన్ ఆగుతుంది.

నాకిది అనుభవంలో తెలిసింది. ఒకసారి సగం కట్టి, పదో వారంలో చూడ్డానికి వెళ్లాను. షెడ్డులో ఫ్రేమ్ కనబడితే మనదేననుకుని సంబరపడ్డాను. అది వేరేవాళ్లది. మా డ్రాయింగులు గోడకి కూడా అంటించలేదు. ఆ మనిషి చెడ్డవాడు కాడు, ఇరుక్కుపోయాడు. మేము ఇచ్చిన డబ్బు తిరిగి అడగలేం, ఆర్డర్ రద్దు చేయలేం. మెషిన్ వచ్చింది కానీ బాగా ఆలస్యంగా వచ్చింది.

ఇక అదే 50-50లో రెండో వైపు. తొమ్మిదో వారంలో ఆయన ఖర్చు 68, చేతికొచ్చింది 50, అంటే 18 ఆయన సొంత డబ్బు. పదమూడో వారంలో ఆ లోటు 28 అవుతుంది. ఆ సమయంలో అప్పు తెచ్చి కూలి డబ్బులు ఇస్తుంటారు. ట్రయల్ హడావిడిగా ముగించి డిస్పాచ్ డబ్బు కోసం తొందరపెట్టడం ఇందువల్లే. సరిగ్గా బిగించని గార్డులు, పెయింటు ఆరకుండా ప్యాక్ చేసిన మెషిన్లు నేను చూసింది ఎక్కువగా ఇలాంటి ఆర్డర్లలోనే.

దీనికి బదులు నేనైతే ఇలా అడుగుతాను. ఆర్డర్‌తో 15. డ్రాయింగులు అప్రూవ్ అయి, స్టీలు, బయటి భాగాల ఆర్డర్లు పెట్టే రోజున 30. ఆ భాగాలు వర్క్‌షాపుకు చేరి, ఫ్రేమ్ పూర్తయ్యాక 20. వాళ్ల దగ్గర ట్రయల్ చూశాక, డిస్పాచ్‌కి ముందు 25. మన దగ్గర మెషిన్ నడిచాక 10.

లెక్క చూడండి. మూడో వారంలో ఆయనకు వచ్చింది 15, ఖర్చు 6. నాలుగో వారంలో 45 వచ్చింది, 38 ఖర్చయింది. తొమ్మిదో వారంలో వచ్చింది 65, ఖర్చు 68, లోటు 3 మాత్రమే. పదమూడో వారంలో లోటు 13, అదీ ట్రయల్ చూసి మీరు 25 వేసేవరకే. మొదట్లో ఆయన దగ్గర పడి ఉండే మీ సొమ్ము 44 నుంచి 9కి దిగింది. చివర్లో ఆయన మోసే భారం 28 నుంచి 13కి తగ్గింది. సప్లయర్‌కి లాభంగా కనబడాల్సింది ఈ రెండో మార్పే.

అయితే ఈ లెక్క మీరే వేసుకెళ్లి ఆయన ముందు పరచకండి. తన ఖర్చుల గురించి కస్టమర్ చెబుతుంటే ఏ తయారీదారుకైనా చిర్రెత్తుతుంది. లాభమెంత అని తవ్వుతున్నారనుకుంటారు. అడగవలసింది ఎంత అని కాదు, ఎప్పుడు అని. "డ్రాయింగ్ అప్రూవల్ అయ్యాక మీరు ముందుగా ఆర్డర్ పెట్టేవి ఏమిటండీ? వాళ్లు మీ దగ్గర అడ్వాన్స్ ఎంత శాతం తీసుకుంటారు? ఏ వారంలో మీకు డబ్బు ఎక్కువ అవసరమవుతుంది?" ఈ మూడు ప్రశ్నలకు దాదాపు అందరూ మనసు విప్పి జవాబు చెబుతారు, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ వాళ్లను అలా అడిగి ఉండరు. ఆయన చెప్పిన జవాబులే మీ విడతలవుతాయి. అప్పుడు ఆ పట్టిక మీరు రుద్దినట్టుండదు, ఇద్దరూ కూర్చుని రాసుకున్నట్టుంటుంది.

కారణం ఏం చెప్పాలన్నది మీ అసలు బాధ. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు 'మా కంపెనీ పాలసీ' అని ఒక అబద్ధం వెయ్యడం. చిన్న యూనిట్‌కి పాలసీ ఏముంటుందని ఆయనకూ తెలుసు. పైగా రేపు ఇంకో సప్లయర్‌కి మీరు సగం అడ్వాన్స్ ఇచ్చినట్టు ఆయన చెవిన పడిందా, ఇక మీరు ఏం చెప్పినా నమ్మరు. ఒకే రంగంలో ఉన్నవాళ్ల మధ్య ఇలాంటి కబుర్లు ఆగవు. నిజమైన కారణమే చెప్పండి, కానీ అది మీ వైపు పరిస్థితి గురించి అయి ఉండాలి, ఆయన గుణం గురించి కాదు. 'మీరు డబ్బు వేరేచోట వాడతారేమో' అన్నది ఆయన గుణం మీద మాట. 'ఈ మెషిన్ కోసం పెట్టిన డబ్బు మాకు నెలనెలా వస్తుంది', 'బ్యాంకు లోను పని జరిగినదాన్ని బట్టి విడుదల చేస్తుంది', 'ఒకే మెషిన్ మీద ఇంత డబ్బు పెట్టడం మాకిదే మొదటిసారి, మధ్యలో పని ఎక్కడుందో తెలియకపోతే మా పార్ట్‌నర్‌కి నేను జవాబు చెప్పలేను' వంటివి మీ పరిస్థితి. వీటిలో మీకు నిజమైనది ఏదో అది ఒక్కటే చెప్పండి. మూడు కారణాలు చెబితే మూడూ సాకుల్లాగే వినిపిస్తాయి.

నేను మాట్లాడితే ఇలా ఉంటుంది:

"సార్, మీ ధర మాకు ఓకే, దాని మీద నేను మళ్లీ బేరమాడను. చెల్లింపు గురించి మాత్రం కాస్త మాట్లాడుకుందాం. ఈ మెషిన్‌కి మా దగ్గర డబ్బు ఒకేసారి సిద్ధంగా ఉండదు, నెలనెలా వస్తుంది. సగం ఒకేసారి తీసిస్తే మధ్యలో మీకు అవసరమైనప్పుడు నా చేతిలో ఉండదు. మీరు మోటార్లకు, ప్యానెల్‌కు ఆర్డర్ పెట్టే వారంలోనే మీకు డబ్బు అందేలా పెట్టుకుందామా? మీరు ప్రూఫ్ పంపిన మూడు పనిదినాల్లో వేసే బాధ్యత నాది."

ఇందులో మొదటి వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకండి. ధర తగ్గింపు, విడతల చెల్లింపు ఒకే మీటింగులో అడిగితే రెండూ కలిసి పిండుతున్నట్టే ఉంటుంది. ధర తేలిపోయాకే ఈ విషయం ఎత్తాలి, ఎత్తాక ధర జోలికి పోకూడదు. చివరి వాక్యంలోని మూడు రోజుల మాట ఆయనకు మీరు తిరిగి ఇస్తున్నది. విడతలంటే తయారీదారులకు భయం విడతల వల్ల కాదు. ప్రతి విడతకీ అకౌంట్స్ చుట్టూ తిరగాల్సి వస్తుందేమోనని. నేను వర్క్‌షాపులో ఉన్నప్పుడు సగం ఉదయాలు ఆ ఫోన్లతోనే గడిచేవి. కాబట్టి ఎవరు పాస్ చేస్తారు, ఎన్ని రోజుల్లో వేస్తారు అన్నది పర్చేజ్ ఆర్డర్‌లో రాయండి. మొదటి విడత చెప్పినదానికంటే ఒకరోజు ముందే వెయ్యండి. ఆ ఒక్క పనికి వచ్చే మంచిపేరు మీ మాటలన్నిటికంటే ఎక్కువ.

ఇక విడతకి గుర్తు ఏమిటన్నది. గొడవలన్నీ పుట్టేది ఇక్కడే. 'పని 50 శాతం పూర్తయ్యాక' అని ఎప్పుడూ రాయకండి. ఆయన లెక్కలో 50, మీ లెక్కలో 30 అవుతుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడనక్కరలేదు, కొలిచే కర్ర లేదు అంతే. చూస్తే తెలిసేది, ఫోటో తీయగలిగేది రాయండి. రెండో విడతకి: బయటి భాగాల ఆర్డర్ కాపీలు, ధరలు చెరిపేసి పంపినా ఫర్వాలేదు. (ధరలు చెరిపేయమని మీరే ముందుగా అనండి. లాభం లెక్క మీకక్కర్లేదని ఆయనకు అర్థమవుతుంది.) మూడో విడతకి: జాబితాలోని మోటార్లు, గేర్‌బాక్సులు, ప్యానెల్ వర్క్‌షాపులో ఉన్నట్టు, సీరియల్ నంబర్లు కనబడే నేమ్‌ప్లేట్ ఫోటోలు, నిలబెట్టిన ఫ్రేమ్ ఫోటో. ఆ నంబర్లు రాసి ఉంచుకోండి. ట్రయల్ రోజున మెషిన్ మీద ఉన్న మోటార్ నంబరు అదేనా చూడండి. వేరే నంబరు కనబడితే మీ మోటార్ ఇంకో మెషిన్‌లోకి వెళ్లి, మీకు మరోటి వచ్చిందన్నమాట. నాణ్యత అదే అయితే గొడవ పడక్కర్లేదు. కానీ నాలుగో విడత వేసేముందు అన్నీ రెండోసారి చూసుకోవాలని అర్థం.

నాలుగో విడతకి: ఏ సైజు ప్యాకెట్లతో, నిమిషానికి ఎన్ని, ఎంతసేపు ఆపకుండా నడపాలి, తప్పు ప్యాకెట్లు ఎన్నివరకు సరే అన్నది ఆర్డర్‌లోనే ఉండాలి. ట్రయల్‌కి కావలసిన మెటీరియల్ ఎవరు పంపాలన్నది కూడా. చిన్న సంగతిలా కనబడుతుంది గానీ, మెటీరియల్ రాక ట్రయల్ రెండు వారాలు వాయిదా పడితే ఆ రెండు వారాలూ 13 భాగాల లోటు మోసేది ఆయన. అందుకే ఒక మాట చేర్చండి: ట్రయల్ సిద్ధమని రాసిన ఏడు రోజుల్లోపు మీరు రాకపోతే, ఆయన వీడియో తీసి పంపినదే ట్రయల్‌గా లెక్క.

చివరి 10 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సప్లయర్‌కి గుచ్చుకునేది అదే. ఆయన అనుభవంలో చివర మిగిల్చిన డబ్బు చాలాసార్లు రాకుండానే పోయి ఉంటుంది. ఈ తప్పు నేనూ చేశాను. ఒక ఆర్డర్‌లో చివరి 15 శాతం 'కమిషనింగ్ తర్వాత' అని రాశాను. మెషిన్ టైముకే వచ్చింది. మా బిల్డింగులో కరెంటు లైను సిద్ధం కాలేదు. మూడు నెలలు మెషిన్ ప్యాకింగ్ విప్పకుండా పడుంది, ఆయన 15 శాతం కూడా అలాగే పడుంది. తప్పంతా మాది, కాగితం ప్రకారం మాత్రం మేము కట్టనక్కర్లేదు. మేము కట్టలేదు కూడా. తర్వాతి ఏడాది అదే సప్లయర్‌ని ధర అడిగితే ముందెన్నడూ లేనంత ఎక్కువ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు.

అప్పటినుంచి చివరి విడతకి నేను రెండు తేదీలు రాస్తున్నాను: మెషిన్ మన దగ్గర నడిచిన రోజు, లేదా డిస్పాచ్ అయ్యాక 45వ రోజు, ఏది ముందైతే అది. మన వల్ల ఆలస్యమైతే ఆయన డబ్బు ఆగదు. ఆయన వల్లే నడవకపోతే మాత్రం ఆ 45 రోజులు లెక్కలోకి రావని రాసుకోవచ్చు. ఇంకోటి, ఏదో ఒక కవరు రాలేదనో, మాన్యువల్ ఇవ్వలేదనో మొత్తం 10 పట్టుకోకండి. ఆ వస్తువు విలువకి రెండింతలు ఆపి మిగతాది ఇచ్చేయండి. అది సరిపోతుంది, ఆయన వచ్చి ఇచ్చి వెళతారు. మొత్తం ఆపితే, మీకు అక్కర్లేని గొడవ కోసం అక్కరకొచ్చే సర్వీసును పోగొట్టుకుంటారు.

ఆయన ఒప్పుకోకపోతే 'ఏ విడత దగ్గర ఇబ్బంది అండీ?' అని అడిగి ఊరుకోండి. జవాబు వచ్చేదాకా మధ్యలో మీరు మాట్లాడకండి. 'మొదట 15తో పని మొదలుపెట్టలేను' అంటే, కారణం మీకన్నా ముందున్న ఆర్డర్ కావచ్చు, లేదా ఏదో ఒక భాగానికి నిజంగానే చాలా ముందుగా డబ్బు కట్టాలి కావచ్చు. రెండోదైతే ఆ భాగం పేరు చెబుతారు, దాని మేరకు మొదటి విడత 20 చెయ్యండి, లేదా ఆ భాగం అమ్మేవాళ్లకు మీరే నేరుగా కట్టి మొత్తంలోంచి తగ్గించుకోండి. ఈ నేరుగా కట్టే పద్ధతి ఒకటి రెండు పెద్ద భాగాలకే బాగుంటుంది. ఎక్కువైతే, పాడైన భాగానికి పూచీ ఎవరిదన్న వాదన మొదలవుతుంది. 'చివరి 10 రాదేమో' అంటే 45 రోజుల మాట చూపించండి. 'మా కస్టమర్లందరూ సగం ఇస్తారు' అంటే అది ఇబ్బంది కాదు, అలవాటు. 'నిజమే సార్, అయినా మధ్యలో మీకు అవసరమైన నెలలో నా దగ్గర నుంచి డబ్బు వస్తుందంటే మీకు సుఖమే కదా' అని మళ్లీ అదే చోటికి తీసుకురండి.

కొందరు అడ్వాన్స్‌కి బ్యాంకు గ్యారంటీ అడగమని సలహా ఇస్తారు. పెద్ద సప్లయర్ అయితే అడగండి. చిన్న వర్క్‌షాపుని అడిగితే, గ్యారంటీ ఇవ్వడానికి బ్యాంకు వాళ్ల దగ్గర కొంత నగదు మార్జిన్‌గా పట్టుకుంటుంది, పైన కమిషన్ తీసుకుంటుంది. మీరు పని కోసమిచ్చిన డబ్బే బ్యాంకులో ఇరుక్కుంటుంది, మెషిన్ ఆలస్యమవుతుంది. మీలాంటి ఆర్డర్‌కి విడతలే మేలు.

నేను ఆర్డరే వదులుకునే చోటు ఒకటే. విడతల అంకెల మీద ఆయన ఎంత బేరమాడినా ఫర్వాలేదు. కానీ భాగాల ఆర్డర్ కాపీలు చూపనంటే, మధ్యలో వర్క్‌షాపుకి రావద్దంటే, ఏ వారంలో ఏం జరుగుతుందో రాసివ్వనంటే, 50-50 ఇచ్చినా, 15 ఇచ్చినా అదే రిస్కు. అప్పుడు వేరే సప్లయర్‌ని చూడండి.

ఒప్పుకున్నాక ఆ సాయంత్రమే ఐదు వరసల పట్టిక రాసి ఆయనకు పంపండి: ఏ విడత, ఏం జరిగాక, ప్రూఫ్ ఏమిటి, ఎంత శాతం, ఎన్ని రోజుల్లో. ప్రతి విడతలో పన్ను ఎలా కట్టాలో ఆయన అకౌంటెంట్‌తో, మీ అకౌంటెంట్‌తో అప్పుడే మాట్లాడించండి. లేకపోతే రెండో విడత దగ్గర ఇన్‌వాయిస్ ఫార్మాట్ కోసం వారం పోతుంది. మధ్యలో ఎప్పుడైనా మీకే డబ్బు ఆలస్యమయ్యేలా ఉంటే, తేదీ దాటాక కాకుండా వారం ముందే ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో చెప్పండి. ఆయన తన మోటార్ల వాళ్లకు ఆ మేరకు చెప్పుకుంటారు.